24,000 వడ్డీకి 24,960 పన్ను: కావలి మాస్టారి ఆదాయ పన్ను లెక్క

జనవరి నెల వచ్చిందంటే మా ఆఫీసుకి టీచర్ల రాక మొదలవుతుంది. ఫిబ్రవరి జీతం బిల్లు పెట్టేలోపు ఏడాది మొత్తానికి పన్ను ఎంతో లెక్క తేల్చి, జీతం బిల్లు పెట్టే అధికారి అయిన డీడీఓకి కాగితం ఇవ్వాలి. కావలి ట్రంకు రోడ్డులో నేను పన్నుల పని చూస్తున్నప్పటి నుంచీ ఇదే వరస. ఈసారి వచ్చినవాటిలో ఒక కేసు పూర్తిగా రాయదలచుకున్నాను. ఆ మాస్టారి కాగితంలో ఉన్న తప్పులు ఆయన ఒక్కరివి కావు, నా దగ్గరికి వచ్చే కాగితాల్లో సగానికి పైగా ఇవే కనిపిస్తున్నాయి. ఆయన ఒప్పుకున్న మీదటే రాస్తున్నాను, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆయన కావలి పట్టణంలోనే ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్. 2004 సెప్టెంబరు తర్వాత ఉద్యోగంలో చేరారు కాబట్టి పాత పెన్షన్ లేదు, ఉద్యోగి కొంత, ప్రభుత్వం కొంత జమచేసే సీపీఎస్ పెన్షన్‌లో ఉన్నారు. సంవత్సరం 2025-26. తోటి టీచరు ఒకరు ఎక్సెల్‌లో వేసిచ్చిన రెండు పేజీల లెక్క తెచ్చారు. పన్ను లెక్కకు ఉన్న రెండు పద్ధతుల్లో, దాని ప్రకారం మినహాయింపులు ఎక్కువుండే పాత విధానంలో పన్ను 24,260, అవి పెద్దగా లేని కొత్త విధానంలో 62,556.

"పాతదే మేలని తేలింది సార్. మీరు ఒకసారి చూసి సరేనంటే రేపు డీడీఓకి ఇచ్చేస్తా" అన్నారు.

"సంతకం పెట్టకండి మాస్టారూ. సాయంత్రం దాకా టైమివ్వండి" అన్నాను. కాగితం పైన ఉన్న రెండు అంకెలు చూడగానే నాకు అనుమానం వచ్చింది. కొత్త విధానంలో 62,556 అనే అంకె ఆ జీతానికి రానే రాదు. ఎందుకు రాదో తర్వాత చెబుతాను.

ముందు జీతం

పన్ను లెక్కలో మొదటి పని మినహాయింపులు వెతకడం కాదు, మొత్తం ఆదాయం సరిగ్గా రాసుకోవడం. మాస్టారి పన్నెండు నెలల పే స్లిప్పులు తీసి కూడాను. మూల వేతనం, కరువు భత్యం కలిపి 11,58,000. ఇంటి అద్దె భత్యం, అంటే హెచ్ఆర్ఏ 1,03,680. మిగతా అలవెన్సులు 14,320. అన్నీ కలిపితే 12,76,000. ఇక్కడి వరకు ఆయన కాగితమూ నా లెక్కా ఒకటే.

తేడా తర్వాతి వరుసలో వచ్చింది. జీతం కాక ఇంకేమైనా వస్తుందా అని అడిగితే లేదన్నారు. ఆదాయ పన్ను పోర్టల్లో ఆయన లాగిన్‌తోనే ఏఐఎస్ తెరిచాం. ఏఐఎస్ అంటే మన పాన్ మీద బ్యాంకులు, కంపెనీలు, రిజిస్ట్రార్ ఆఫీసులు పన్ను శాఖకి పంపిన సమాచారమంతా ఒకచోట చేర్చిన పట్టిక. నడుస్తున్న ఏడాది వడ్డీ అందులో ఇంకా పూర్తిగా ఎక్కలేదు, కానీ నిరుటి పట్టికలో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కనిపించింది. నాన్నగారి పొలం అమ్మినప్పుడు తన వాటాగా వచ్చిన డబ్బు బ్యాంకులో వేశారు, ఆ సంగతి ఆయనకి ఆదాయంగా తట్టనే లేదు. బ్యాంకుకి ఫోన్ చేసి మార్చి 31 వరకు వచ్చే వడ్డీ ఎంతో కనుక్కున్నాం. డిపాజిట్ మీద 21,600, సేవింగ్స్ ఖాతా మీద సుమారు 2,400. రెండూ కలిపి 24,000.

"బ్యాంకు వాళ్లు టీడీఎస్ కోయలేదు కదా సార్, మరి పన్ను పడుతుందా?" అని అడిగారు. ఇది చాలామంది అడిగే ప్రశ్న. 2025 ఏప్రిల్ నుంచి 60 ఏళ్ల లోపువారికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితేనే బ్యాంకు టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోస్తుంది. కోయకపోవడం వేరు, పన్ను లేకపోవడం వేరు. డిపాజిట్ వడ్డీ ఒక్క రూపాయి వచ్చినా అది ఆదాయమే.

అంటే మాస్టారి మొత్తం ఆదాయం 13,00,000.

కొత్త విధానం లెక్క

కొత్త విధానంలో జీతగాడికి దక్కే పెద్ద తగ్గింపు ఒక్కటే, 75,000 స్టాండర్డ్ డిడక్షన్. హెచ్ఆర్ఏ, 80సీ కింద చూపే పొదుపులు, సొంతింటి లోను వడ్డీ, వృత్తి పన్ను ఏవీ తగ్గవు. 13,00,000 నుంచి 75,000 తీస్తే పన్ను వేయదగిన ఆదాయం 12,25,000.

2025-26కి శ్లాబులు ఇలా ఉన్నాయి. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం, 12 నుంచి 16 దాకా 15 శాతం. ఆపైన ప్రతి 4 లక్షలకూ 5 శాతం చొప్పున పెరుగుతూ 24 లక్షలు దాటాక 30 శాతం. మాస్టారికి రెండో శ్లాబులో 20,000, మూడో శ్లాబులో 40,000, 12 లక్షలు దాటిన 25,000 మీద 3,750, మొత్తం 63,750 వస్తుంది.

ఆదాయం 12 లక్షలు దాటకపోతే 60,000 వరకు రిబేటు ఇచ్చి పన్ను సున్నా చేస్తారు. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని "12.75 లక్షల దాకా పన్ను లేదు" అని అందరూ అనేది ఇందుకే. మరి 12 లక్షలకు ఒక్క రూపాయి ఎక్కువొస్తే ఒక్కసారిగా 60,000 కట్టాలా? అక్కర్లేదు. దీనికోసమే చట్టంలో మార్జినల్ రిలీఫ్ పెట్టారు. 12 లక్షల మీద ఎంత ఎక్కువ వచ్చిందో, పన్ను అంతకు మించకూడదు. మాస్టారికి దాటింది 25,000. శ్లాబుల ప్రకారం వచ్చింది 63,750. రెండింటిలో తక్కువ 25,000, అదే పన్ను. దానిపై 4 శాతం సెస్ 1,000. మొత్తం 26,000.

ఇప్పుడు ఆయన కాగితంలోని 62,556 సంగతి. అందులో వడ్డీ కలపలేదు కాబట్టి పన్ను వేయదగిన ఆదాయం 12,01,000. శ్లాబుల ప్రకారం 60,150, సెస్‌తో 62,556. ఎక్సెల్ వేసినవారికి రిబేటు సంగతి తెలుసు, మార్జినల్ రిలీఫ్ తెలియదు. నిజానికి ఆ 12,01,000కి కట్టాల్సింది వెయ్యి రూపాయలు, సెస్‌తో 1,040. జీతం 12.75 లక్షలకు వెయ్యి మాత్రమే ఎక్కువున్న మనిషికి 62,556 చూపిస్తున్న లెక్క ఏదైనా సరే తప్పుడు లెక్కే. కాగితం చూడగానే నాకు అనుమానం వచ్చింది ఇందుకే.

ఇక్కడే మాస్టారికి బాగా బాధ కలిగించిన విషయం బయటపడింది. వడ్డీ లేకుండా పన్ను 1,040. వడ్డీ కలిపితే 26,000. అంటే 24,000 వడ్డీ వచ్చినందుకు ఆయన కట్టే అదనపు పన్ను 24,960. వడ్డీ మొత్తం పోయి, చేతి నుంచి ఇంకో 960 పడుతుంది.

"ఇదేం న్యాయం సార్?" అన్నారు.

న్యాయాన్యాయాల మాట పక్కన పెడితే, మార్జినల్ రిలీఫ్ పనిచేసే తీరే అది. 12 లక్షల దాకా సున్నా, ఆపై కొంత దూరం ప్రతి రూపాయికీ రూపాయి పన్ను, పైగా సెస్. ఆ దూరం ఎక్కడ ముగుస్తుందంటే, శ్లాబు పన్ను, దాటిన మొత్తం సమానమయ్యే చోట. 60,000కి దాటినదాని మీద 15 శాతం కలిపితే దాటిన మొత్తమే రావాలి. లెక్క వేస్తే అది 70,588. అంటే పన్ను వేయదగిన ఆదాయం సుమారు 12,70,588 దాటితే మామూలు 15 శాతం లెక్కలోకి వస్తాం. జీతం ఒక్కటే ఉన్నవారికి స్టాండర్డ్ డిడక్షన్‌కి ముందు చూస్తే ఇది సుమారు 13,45,588. 12.75 లక్షలకీ 13.46 లక్షలకీ మధ్య ఉన్న ప్రతి ఉద్యోగీ జీతం బయట ఏ చిన్న ఆదాయం వచ్చినా జాగ్రత్తగా రాసుకోవాలి. వంద రూపాయల వడ్డీ మరిచిపోతే తర్వాత పడే పన్ను 104 రూపాయలు.

పాత విధానం: ఒక్కో వరుసా తీసి చూస్తే

పాత విధానం కాగితంలో పన్ను వేయదగిన ఆదాయం 5,54,120గా తేల్చారు. దీన్ని ఒక్కో వరుసా రసీదు పక్కన పెట్టుకుని చూశాను. సాయంత్రం చాలా భాగం దీనికే సరిపోయింది.

మొదట హెచ్ఆర్ఏ. కాగితంలో వచ్చిన 1,03,680 మొత్తం తీసేశారు. మాస్టారు కావలిలో అద్దెకుంటారు, నెలకు 12,000. ఇంటాయన రసీదు, పాన్ నంబరు ఉన్నాయి. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి, ఆ విషయంలో ఈయన పద్ధతిగానే ఉన్నారు. కానీ హెచ్ఆర్ఏ మినహాయింపు మూడు అంకెల్లో ఏది తక్కువైతే అది. చేతికొచ్చిన హెచ్ఆర్ఏ ఒకటి, 1,03,680. మూల వేతనం, కరువు భత్యం కలిపిన దాంట్లో 40 శాతం రెండోది, ఇది మన ఊళ్లకు వర్తించేది, 4,63,200. మూడోది కట్టిన అద్దెలోంచి అదే జీతంలో 10 శాతం తీసేయగా మిగిలింది. అద్దె 1,44,000, పది శాతం 1,15,800, మిగిలింది 28,200. తక్కువది ఇదే. కాబట్టి తగ్గేది 28,200 మాత్రమే.

మన జిల్లాలో టీచర్ల విషయంలో దాదాపు ఎప్పుడూ ఈ మూడో అంకే తక్కువ వస్తుంది. జీతం పెరిగింది, కావలి అద్దెలు అంత పెరగలేదు. అద్దె 9,000 అయితే మాస్టారికి మినహాయింపు పూర్తిగా సున్నా అయ్యేది, ఎందుకంటే ఏడాది అద్దె 1,08,000 కన్నా జీతంలో పది శాతమైన 1,15,800 ఎక్కువ. వచ్చిన హెచ్ఆర్ఏ అంతా తగ్గిపోతుందనుకోవడం ఎంత పెద్ద పొరపాటో ఈ ఒక్క వరుసలో తెలుస్తుంది.

రెండోది ఇంటి లోను వడ్డీ. కాగితంలో 2,00,000 రాశారు. నెల్లూరు వేదాయపాళెంలో ఇల్లు ఉంది, అందులో అమ్మానాన్నలు ఉంటారు. ఉద్యోగం కావలిలో కాబట్టి ఇక్కడ అద్దె, అక్కడ సొంతిల్లు. ఈ రెండూ కలిపి పాత విధానంలో అడగడంలో తప్పేం లేదు. బ్యాంకు ఇచ్చిన వడ్డీ పత్రంలో ఏడాదికి వడ్డీ 2,36,000 అని ఉంది, పరిమితి 2 లక్షలు కనక 2 లక్షలు రాసేశారు. పత్రం పైన పేర్లు చూశాను. రెండు పేర్లున్నాయి.

"ఇంకో పేరు ఎవరిది మాస్టారూ?"

"మా తమ్ముడిది సార్. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. ఈఎంఐ చెరిసగం కడతాం."

ఇద్దరూ యజమానులై, ఇద్దరూ కడుతున్నప్పుడు వడ్డీ కూడా వాటా ప్రకారమే. ఆయన వాటా 1,18,000. అసలు కూడా అంతే, పత్రంలో ఉన్న 1,10,000లో ఆయనది 55,000. తమ్ముడు ఒకవేళ తన వాటా ఎక్కడా అడగకపోయినా అన్న దాన్ని తన లెక్కలో వేసుకోకూడదు. బ్యాంకు పత్రం మొత్తం లోనుకి ఇస్తుంది, మనిషికి ఎంతో చెప్పదు. జాయింటు లోను ఉన్న ప్రతివారూ పత్రంతో పాటు ఇంటి దస్తావేజు, ఈఎంఐ పోయే ఖాతా స్టేట్‌మెంటు తెమ్మని నేను అడిగేది ఇందుకే.

మూడోది 80సీ, ఇది సరిగ్గా ఉంది. ప్రభుత్వ ఉద్యోగుల బీమా ఏపీజీఎల్ఐ 24,000, ఎల్ఐసీ 36,000, పిల్లల ట్యూషన్ ఫీజు 40,000, లోను అసలు వాటా 55,000. కలిపితే 1,55,000, పరిమితి 1,50,000. సీపీఎస్‌కి ఆయన జీతంలోంచి పోయేది 10 శాతం, అంటే 1,15,800. 80సీ పరిమితి మిగతావాటితోనే నిండిపోయింది కనుక ఈ సీపీఎస్ సొమ్ములోంచి 50,000ను 80సీ పరిమితికి బయట ఉండే 80సీసీడీ(1బీ) కింద విడిగా చూపారు. ఒకే సొమ్మును రెండుచోట్ల చూపనంతవరకు ఇది మంచి పద్ధతి. ఈ వరుస వేసినవారు తెలిసి వేశారు. మొత్తం 2,00,000.

నాలుగోది ఆరోగ్య బీమా. అమ్మానాన్నలిద్దరూ అరవై దాటినవారు, వాళ్లకి తీసుకున్న పాలసీకి పరిమితి 50,000. కాగితంలో 50,000 ఉంది, రసీదులో 41,000. పరిమితిని ఖర్చుగా రాసేయడం కూడా ఒక అలవాటైపోయింది. ఇక్కడ తేడా తొమ్మిది వేలే కాబట్టి దీని మీద ఎక్కువ మాట్లాడను.

ఐదోదే ఈ కేసులో అసలు చిక్కు. కాగితంలో చివర 80సీసీడీ(2) అని 1,15,800 తీసేశారు. ఇది సీపీఎస్‌లో ప్రభుత్వం తన వంతుగా జమచేసే 10 శాతం. యజమాని ఉద్యోగి పెన్షన్ ఖాతాకి జమచేసే సొమ్మును తగ్గించుకునే వీలు చట్టంలో ఉంది, అది 80సీ పరిమితికి బయట, పైగా రెండు విధానాల్లోనూ ఉంది. అంతవరకు నిజం. కానీ ఆ సొమ్ము ముందు జీతంలో కలపాలి, తర్వాత తీయాలి. చట్టం దృష్టిలో ప్రభుత్వం నా పేరున జమచేసింది నా జీతమే. మాస్టారి 12,76,000లో అది లేదు. పే స్లిప్పు మొత్తంలో ప్రభుత్వ వాటా కనిపించదు, ఆయన సొంత వాటా మాత్రమే కోతల్లో కనిపిస్తుంది. కలపకుండా తీసేస్తే రాని ఆదాయాన్ని తగ్గించుకున్నట్టే.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. పన్నెండు నెలల బిల్లుల గ్రాస్ కూడండి. జీతం, కోసిన పన్ను చూపిస్తూ డీడీఓ ఇచ్చే ఫారం 16లో జీతం మొత్తంగా చూపిన అంకె చూడండి. రెండూ ఒకటే అయితే ప్రభుత్వ వాటా కలపలేదని అర్థం, అప్పుడు తీయనూ కూడదు. ఫారం 16 అంకె మీ కూడికకన్నా సరిగ్గా ఆ పది శాతం ఎక్కువుంటే కలిపారని అర్థం, అప్పుడు తీసుకోవచ్చు, ఏ విధానమైనా సరే. కలిపి తీసినా, రెండూ వదిలేసినా జవాబు ఒకటే వస్తుంది. అందుకే మాస్టారి లెక్కలో నేను రెండూ వదిలేశాను.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆ కాగితంలో ఈ 1,15,800ను పాత విధానంలో తీశారు, కొత్తదానిలో తీయలేదు. తప్పు చేసినా రెండువైపులా ఒకే తప్పు చేసి ఉంటే పోలిక ఇంత దెబ్బతినేది కాదు. పాతదే మేలని తేలడానికి ఈ ఒక్క వరుసా, మార్జినల్ రిలీఫ్ వదిలేయడమూ కారణాలు.

ఇప్పుడు సరిచేసిన లెక్క. జీతం 12,76,000 నుంచి హెచ్ఆర్ఏ 28,200, స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వృత్తి పన్ను 2,400 తీస్తే 11,95,400. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కాదు, 50,000 అని గుర్తుంచుకోవాలి. ఇంటి లోను వడ్డీ వాటా 1,18,000 తీస్తే 10,77,400. బ్యాంకు వడ్డీ 24,000 కలిపితే 11,01,400. దాన్లోంచి 2,00,000, బీమా 41,000, సేవింగ్స్ వడ్డీకి 80టీటీఏ కింద 2,400 తీస్తే మిగిలేది 8,58,000.

పాత శ్లాబులు 2.5 లక్షల దాకా సున్నా, 5 దాకా 5 శాతం, 10 దాకా 20 శాతం, ఆపైన 30 శాతం. మాస్టారికి మొదట 12,500, తర్వాత 3,58,000 మీద 20 శాతం 71,600. మొత్తం 84,100, సెస్‌తో 87,464. పది రూపాయలకు సర్దితే 87,460.

కాగితం చెప్పింది పాతది 24,260, కొత్తది 62,556. నిజం పాతది 87,460, కొత్తది 26,000.

ఎంత మినహాయింపు ఉంటే పాతది గెలిచేది?

మాస్టారు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఇంకో రెండు పాలసీలు మార్చిలోపు కడితే పాతది దగ్గరికి రాదా?" అన్నారు. ఇది సరైన ప్రశ్నే, దీనికి లెక్కతోనే జవాబు చెప్పాలి. నేను తలకిందులుగా వేసి చూపించాను.

కొత్త విధానంలో సెస్ ముందు పన్ను 25,000. పాత విధానంలో పన్ను 25,000 రావాలంటే పన్ను వేయదగిన ఆదాయం 5,62,500 ఉండాలి, ఎందుకంటే 12,500 మొదటి శ్లాబులో, మిగతా 12,500 కోసం 62,500 మీద 20 శాతం. మొత్తం ఆదాయం 13,00,000 నుంచి 5,62,500కి దిగాలంటే తగ్గింపులన్నీ కలిపి 7,37,500 కావాలి. ఆయనకున్నవి 4,42,000. ఇంకా 2,95,500 కావాలి.

80సీ ఇప్పటికే నిండింది, కొత్త పాలసీ కట్టినా ఒక్క రూపాయి తగ్గదు. పోనీ హెచ్ఆర్ఏ మొత్తం వచ్చినట్టు, లోను మొత్తం ఆయనొక్కరిదే అయి 2 లక్షలు వచ్చినట్టు, బీమా 50,000 ఉన్నట్టు ఊహించుకున్నా అదనంగా వచ్చేది 1,66,480. అప్పటికీ 1,29,020 తక్కువే. పాత విధానంలో దొరికే దారులన్నీ నిండా వాడుకున్నా అందదు. ఈ మాట విన్నాక ఆయన ఇక పాలసీల ప్రస్తావన తేలేదు. పన్ను కోసమే కొనబోయిన ఆ పాలసీల డబ్బు ఆయన చేతిలోనే ఉండిపోయినందుకు నాకు సంతోషంగా అనిపించింది.

పన్ను వేయదగిన ఆదాయాలు రెండూ చేతితో తేల్చుకున్నాక పన్ను మాత్రం ఎక్సెల్‌లో వేసుకోవచ్చు. మాస్టారికి నేను రాసిచ్చిన రెండు సూత్రాలు ఇవి. A1లో కొత్త విధానం ఆదాయం, B1లో పాత విధానం ఆదాయం వేయాలి.

```
=IF(A1<=1200000,0,MIN(A1-1200000,
 (A1-400000)*5%+(A1-800000)*5%+(A1-1200000)*5%
 +MAX(0,A1-1600000)*5%+MAX(0,A1-2000000)*5%
 +MAX(0,A1-2400000)*5%))*1.04

=IF(B1<=500000,0,(B1-250000)*5%+(B1-500000)*15%
 +MAX(0,B1-1000000)*10%)*1.04
```

మొదటి సూత్రంలో `MIN` అన్నదే మార్జినల్ రిలీఫ్. అది తీసేసి A1లో వడ్డీ కలపని 12,01,000 వేస్తే తోటి టీచరుగారి 62,556 మళ్లీ వస్తుంది. ఈ సూత్రాలు 60 ఏళ్ల లోపు ఉండి, ఆదాయం 50 లక్షలు దాటని వారికే. అరవై దాటినవారికి పాత విధానంలో మొదటి పరిమితి 3 లక్షలు, అప్పుడు రెండో సూత్రం మార్చాలి. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అమ్మి లాభం వచ్చినవారు కూడా వీటిని వాడకూడదు. ఆ లాభాలకు ప్రత్యేక రేట్లున్నాయి, 60,000 రిబేటు వాటి పన్నుకి వర్తించదు. 11 లక్షల జీతం ఉండి షేర్ల లాభం మీద పన్ను పడినవారు ఈ ఏడాది కూడా నా దగ్గరికి వస్తారు, వాళ్లది వేరే కేసు.

డీడీఓ దగ్గర ఏం జరిగింది

ఏప్రిల్‌లో మాస్టారు డీడీఓకి పాత విధానం అని రాసిచ్చారు. పది నెలల జీతాల్లో నెలకు 2,000 చొప్పున 20,000 కోశారు. ఇప్పుడు కొత్త విధానమని మళ్లీ రాసిస్తూ, దాంతో పాటు బ్యాంకు వడ్డీ 24,000ను ఇతర ఆదాయంగా చూపించాం. ఇలా చూపించే వీలు చట్టంలోనే ఉంది, చూపిస్తే దాని పన్ను కూడా జీతంలోనే కోస్తారు. మిగిలిన 6,000 ఫిబ్రవరి జీతంలో కోయమని అడిగితే డీడీఓగారు ఒప్పుకున్నారు.

కొన్ని ఆఫీసుల్లో మధ్యలో విధానం మార్చడానికి ఒప్పుకోరు. అలాంటప్పుడు కంగారు పడక్కర్లేదు. వ్యాపార ఆదాయం లేని జీతగాడు డీడీఓకి ఏం చెప్పినా, రిటర్ను గడువులోగా వేసేటప్పుడు తనకు నచ్చిన విధానం ఎంచుకోవచ్చు. ఎక్కువ కోసింది వాపసు వస్తుంది. గడువు దాటితే మాత్రం పాత విధానం ఎంచుకునే వీలుండదు, కొత్తదే మిగులుతుంది. ట్యూషన్ సెంటరో, రొయ్యల చెరువు వాటానో ఉండి దాన్ని వ్యాపారంగా చూపేవారికి ఇంత వెసులుబాటు లేదు. వాళ్లు పాతదానికి వెళ్లాలంటే 10-ఐఈఏ ఫారం వేయాలి, ఒకసారి తిరిగి కొత్తదానికి వస్తే వ్యాపారం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి వెళ్లలేరు.

మాస్టారు తన మొదటి కాగితం మీదే సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పాను. జీతంలో 24,260 కోసేవారు, అప్పటికప్పుడు ఏ ఇబ్బందీ కనిపించేది కాదు. కానీ నిరుటి నుంచి రిటర్నులో పాత విధానం ఎంచుకుంటే హెచ్ఆర్ఏ లెక్క, బీమా పాలసీ నంబరు, లోను ఖాతా వివరాలు విడివిడిగా అడుగుతున్నారు. వడ్డీ ఏఐఎస్‌లో ఉంటుంది. జాయింటు లోను వడ్డీ మొత్తం ఒకరే అడిగారని, లేని 80సీసీడీ(2) తీశారని తేలితే తక్కువ చూపిన ఆదాయం మీద పన్నుతో పాటు ఆ పన్నులో 50 శాతం జరిమానా. కావాలని తప్పు చూపారని తేలిస్తే 200 శాతం. ఎక్సెల్ వేసిచ్చినవారికి నోటీసు రాదు, సంతకం పెట్టినవారికే వస్తుంది.

వచ్చే ఏడాది సంగతి

లేవబోతూ మాస్టారు ఒక మాట అడిగారు. "ఆ డిపాజిట్ మా ఆవిడ పేరు మీదికి మార్చేస్తే వడ్డీ నా లెక్కలోకి రాదు కదా సార్?"

వస్తుంది. భర్త ఇచ్చిన డబ్బు మీద భార్యకి వచ్చే వడ్డీని భర్త ఆదాయంలోనే కలుపుతారు. మైనరు పిల్లల పేర వేసినా అంతే. తల్లిదండ్రులకు ఇస్తే అలా కలపరు, కానీ ఇచ్చింది నిజంగా ఇచ్చినట్టే ఉండాలి, ఆ డబ్బు వాళ్లదైపోతుంది. రేపు నా అవసరానికి తిరిగి తీసుకుంటానంటే అది ఇచ్చినట్టు కాదు. పీపీఎఫ్ వడ్డీకి రెండు విధానాల్లోనూ పన్ను లేదు. అందులో ఏడాదికి 1,50,000 వరకే వేయగలరు, పదిహేనేళ్లు ఆగాలి. పెద్దపాప ఇంజినీరింగ్ ఇంకో మూడేళ్లలో మొదలవుతుంది కాబట్టి మొత్తం అందులో పెట్టమని నేను చెప్పలేదు.

నేను చెప్పింది ఇంకొకటి. ఇంక్రిమెంటు, కరువు భత్యం పెరిగి జీతం, వడ్డీ కలిపి 13.46 లక్షలు దాటే రోజు దూరంలో లేదు. దాటాక వడ్డీ మీద పడేది 15 శాతమే, ఇప్పటిలా రూపాయికి రూపాయి కాదు. రెండేళ్ల కోసం డబ్బు అటూ ఇటూ తిప్పి, పిల్ల ఫీజు సమయానికి చేతికందకుండా చేసుకోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. ఆయన ఇంటికెళ్లి ఆలోచించి, డిపాజిట్ అలాగే ఉంచుతానని ఫోన్ చేశారు.

జూన్‌లో ఫారం 16 వచ్చాక మళ్లీ రమ్మన్నాను. అప్పుడు చూడాల్సినవి మూడే. ఫారం 16లో జీతం మొత్తం 12,76,000 ఉందా, లేక ప్రభుత్వ వాటా కలిపి 13,91,800 ఉందా. ఏఐఎస్‌లో వడ్డీ 24,000కి ఎంత అటూ ఇటుగా ఉంది. కోసిన 26,000 మొత్తం ఆయన పాన్ మీద పన్ను జమలు చూపే 26ఏఎస్‌ పట్టికలో జమ అయిందా లేదా.